80వ పోర్టు దగ్గర పేచీ

క్లౌడ్‌లో సర్వర్లు ఇప్పుడు టెర్రాఫామ్ ఫైలు రాస్తే పుట్టుకొస్తాయి. ఆ ఫైలును అమలుకు ముందే చెకోవ్ అనే ఉచిత స్కానర్‌తో చదివించవచ్చు. 22వ పోర్టుకు `0.0.0.0/0` అని, అంటే ప్రపంచమంతటికీ ప్రవేశమని రాసి ఉంటే తప్పు పడుతుంది. అక్కడ వాదనే లేదు. అది సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి.

పేచీ 80 దగ్గర. "వచ్చినవాళ్లను 443కి మళ్లించడానికే తెరిచాం" అంటాడు డెవలపర్. లోడ్ బ్యాలన్సర్‌లో ఆ మళ్లింపు నిజంగా ఉంటే అతని మాటే ఒప్పు. స్కానర్ చూసేది పోర్టును, ఉద్దేశాన్ని కాదు. అలాగని పరీక్షను అందరికీ ఆపేయకూడదు. ఆ ఒక్క రిసోర్సులోనే కారణం రాయాలి:

```
#checkov:skip=CKV_AWS_260:HTTP redirects to 443
```

ఈ వరుస కోడ్‌తోపాటే సమీక్షకు వెళ్తుంది. చిక్కల్లా దీనికి గడువు లేకపోవడమే. రేపెవరో మళ్లింపు తీసేసినా స్కానర్ నోరు మెదపదు.