నారింజలు తిన్నారు, గాలిని మెచ్చుకున్నారు

"అమ్మా, బతికే ఉన్నాను. కాళ్లు వాచి బరువెక్కాయి. చిగుళ్లు పళ్ల మీదికి పెరిగిపోయాయి. ఓడ రొట్టెను నీళ్లలో నానబెట్టుకున్నా నమల్లేకపోతున్నాను. మూడు నెలలకు మూడు రోజులు తక్కువగా నేల మొహం చూడలేదు. ముప్పై మంది పోయారు. ఒక్కో ఓడలో పనిచేయగలవాళ్లం ఏడెనిమిది మందిమే మిగిలాం. ఇవాళ నారింజలు వచ్చాయి. వాటి కోసమే ఇన్నాళ్లూ నోరు పీకింది."

ఈ ఉత్తరం ఏ మ్యూజియంలోనూ దొరకదు. వాస్కో డ గామాతో వెళ్లిన ఓ మామూలు నావికుడు 1499 జనవరిలో, ఆఫ్రికా తీరంలోని మలిందీ రేవు నుంచి ఇంటికి రాసి ఉంటే ఎలా ఉండేదో ఊహించి రాసింది. అయితే వాచిన కాళ్లు, పెరిగిన చిగుళ్లు, చావుల లెక్క కల్పన కాదు. ఆ ప్రయాణంలోనే ఉన్న ఒకతను రాసుకున్న దినచర్యలో అవన్నీ ఉన్నాయి.

ఈ కష్టంలో సగం గాలి తెచ్చిపెట్టినదే. అంతకుముందు ఏడాది మలిందీ నుంచి కాలికట్ వైపు వచ్చేటప్పుడు, దారి తెలిసిన స్థానిక మార్గదర్శి వెంట ఉన్నాడు, గాలీ అనుకూలించింది. సముద్రం దాటడానికి 23 రోజులే పట్టింది. తిరుగు ప్రయాణంలో కార్వార్ దగ్గరి అంజదీవ్ ద్వీపం నుంచి 1498 అక్టోబర్ 5న తెరచాపలెత్తారు. అప్పటికి నైరుతి గాలులు సద్దుమణుగుతున్నాయి, ఆఫ్రికా వైపు తోసే ఈశాన్య గాలులు ఇంకా పుంజుకోలేదు. ఈ తీరంలో వ్యాపారం చేసే ఓడలు ఆ గాలి కోసం ఆగేవి. వీళ్లు ఆగలేదు. గాలి పడిపోయి కొన్నాళ్లు, ఎదురుగాలితో కొన్నాళ్లు నడిసముద్రంలో చిక్కుకుపోయారు. 1499 జనవరి 2న గానీ నేల కనిపించలేదు. ఇంకో రెండు వారాలు అలాగే గడిచి ఉంటే ఓడ నడిపే మనిషే మిగిలేవాడు కాదని దినచర్య రాసినతను అంటాడు.

మిగతా సగం కష్టం తిండిలో ఉంది. ఓడలో పాడవకుండా నిలవుండేవి ఎండిన రొట్టె, ఉప్పు మాంసం. వాటిలో విటమిన్ సి లేనట్టే. మన ఒంట్లో చర్మాన్నీ, చిగుళ్లనూ, రక్తనాళాల గోడలనూ పట్టి ఉంచే పీచులాంటి పదార్థం కొల్లాజెన్. విటమిన్ సి లేకపోతే అది సరిగా తయారవదు. ఒంట్లో ఉన్న నిల్వ ఒకటి నుంచి మూడు నెలల్లో అడుగంటుతుంది. మొదట నీరసం, తర్వాత చిగుళ్ల వాపు, రక్తం కారడం. ముదిరితే ఎప్పుడో మానిన గాయాలు కూడా మళ్లీ తెరుచుకుంటాయి. ఈ జబ్బే స్కర్వీ. అదే ఓడలో తిరిగే ఎలుకకు ఈ బాధ లేదు. దానికి కావలసిన విటమిన్ సి దాని ఒంట్లోనే తయారవుతుంది. మనిషి మాత్రం తిండిలోంచే తెచ్చుకోవాలి.

విచిత్రం ఏమిటంటే, మందు అప్పటికే ఒకసారి వాళ్ల చేతికి వచ్చింది. ఇండియాకు వచ్చే దారిలోనే, 1498 మొదట్లో, చాలామందికి ఇదే జబ్బు పట్టుకుంది. ఏప్రిల్‌లో మొంబాసా చేరితే అక్కడి రాజు గొర్రెతో పాటు బోలెడన్ని నారింజలు, నిమ్మకాయలు, చెరకు పంపాడు. రోగులు కోలుకున్నారు. దినచర్యలో దానికి కారణం రాశారు: ఈ ఊరి గాలి చాలా మంచిది!

తొమ్మిది నెలల తర్వాత మలిందీలో కథ తిరగబడింది. రోగులు నారింజల కోసం తపిస్తున్నారని గామా మనిషిని ఒడ్డుకు పంపి తెప్పించాడు. కానీ చాలామంది అక్కడే చనిపోయారు. ఈసారి దినచర్య ఆ ఊరి వాతావరణం పడలేదని రాసింది. జబ్బు అంతగా ముదిరాక, అయిదారు రోజుల మజిలీలో తిన్న పండ్లు కొందరిని ఆదుకోలేకపోయాయి. మొంబాసాలో పండు పనిచేస్తే పేరు గాలికి వెళ్లింది. మలిందీలో పండు ఆలస్యమైతే నింద కూడా గాలి మీదే పడింది. కాబట్టి మన నావికుడు కూడా ఉత్తరం చివర "ఇక్కడి గాలి పాడుది అమ్మా" అనే రాసి ఉండేవాడు.

మలిందీ దాటాక మూడు ఓడలను నడపడానికి మనుషులు చాలక, సావ్ రఫాయెల్ అనే ఓడను వాళ్లే తగలబెట్టారు. మొదటి ఓడ లిస్బన్ చేరింది 1499 జూలైలో. ఉత్తరమంటూ రాసి ఉంటే అది అంతకుముందు అమ్మకు చేరే దారే లేదు, రాసినవాడి ఓడలోనే అదీ రావాలి.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండు మంది స్కర్వీ రోగులను జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా లేచారు. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. మొంబాసా రాజు పండ్లు పంపి అప్పటికి 297 ఏళ్లు.