ఐదేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్ ఎందుకు వద్దంటున్నారు?

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో మామూలు జలుబు, దగ్గుతో మొదలైన పిల్లలకు కొద్దిరోజుల్లోనే మూత్రం ఆగిపోయింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లు తాగిన ‘కోల్డ్‌రిఫ్’ సిరప్‌ను తమిళనాడు ల్యాబులో పరీక్షిస్తే 48.6 శాతం డైఇథైలీన్ గ్లైకాల్ బయటపడింది. కిడ్నీలను దెబ్బతీసే ఈ విషం 0.1 శాతానికి మించకూడదు.

కల్తీ లేని సిరప్ అయితే పట్టొచ్చా? అసలు సంగతి ఇక్కడుంది. కోల్డ్‌రిఫ్ లేబుల్ మీద ఉన్న మందులు మూడు: పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్. జలుబు సిరప్‌లు చాలావాటిలో ఉండేవీ ఇవే. క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తుంది. కొందరు పిల్లల్లో అది తిరగబడి చిరాకు, ఏడుపు పెరుగుతాయి. ఫినైలెఫ్రిన్ గుండె వేగాన్ని, బీపీని మార్చగలదు. ఇంతా చేసి, చిన్నపిల్లల్లో వీటివల్ల దగ్గు త్వరగా తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్లలోపు వారికి వాడకూడదని లేబుల్‌పై రాయాలంటూ 2023లోనే ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు అసలు రాయొద్దని, ఐదేళ్లలోపు సాధారణంగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది.

మనిళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు పారాసెటమాల్‌తో. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మి.గ్రా. దాటకూడదు. జ్వరానికని 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ పట్టి, అదే పూట అంతే మందు కలిసిన జలుబు సిరప్ ఇంకో 5 మి.లీ. పడితే 250 అవుతుంది. రోజుకు నాలుగుసార్లు ఇలాగే సాగితే దెబ్బ కాలేయానికి.

జలుబు దగ్గు రెండు వారాల పైన కూడా ఉండొచ్చు. ముక్కు బిగిస్తే పాలు పట్టే ముందు సెలైన్ చుక్కలు రెండేసి వేసి, మెత్తబడిన చీమిడి తీసేయండి. తల్లిపాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు అర చెంచా తేనె దగ్గుకు బాగానే పనిచేస్తుంది. ఏడాది లోపు మాత్రం నాలిక మీద రాసినా ప్రమాదమే. తేనెలోని ఒక బ్యాక్టీరియా ఆ వయసు పిల్లల కండరాలను చచ్చుబడేలా చేయగలదు. మరిగే నీళ్ల గిన్నె మీద ఆవిరి పట్టొద్దు, కాళ్లూ చేతులూ కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే ఆలస్యం చేయొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా అంతే. ఇంతకుముందు ఏదైనా సిరప్ పట్టి ఉంటే, ఖాళీదైనా సరే, ఆ సీసా వెంట తీసుకెళ్లండి. అందులో ఏముందో, ఏ బ్యాచ్‌దో డాక్టరు చూడాలి.