సొంత డబ్బా కాకుండా, సొంత పని చెప్పుకోవడం

మార్చి వచ్చిందంటే చాలా ఆఫీసుల్లో స్వీయ మదింపు ఫారం చేతికొస్తుంది. 'ఈ ఏడాది మీరు సాధించినవి రాయండి' అని అందులో ఒక గడి ఉంటుంది. ఏడాదంతా ఒళ్లు వంచి పనిచేసినవాళ్లకు కూడా అక్కడికొచ్చేసరికి పెన్ను కదలదు. ఉన్నది రాస్తే గొప్పలు పోతున్నామనుకుంటారేమో, తగ్గించి రాస్తే ఏమీ చేయలేదనుకుంటారేమో అని రెండు వైపులా భయమే.

ఈ భయం తీరాలంటే ముందు ఆ పేరా ఎవరు చదువుతారో గుర్తుచేసుకోవాలి. మొదట చదివే పై అధికారికి మన పని కొంత తెలుసు. ఆయన రాసిన అభిప్రాయాన్ని సమీక్షించే అధికారి చాలాసార్లు మనల్ని చూసి కూడా ఉండరు. ఆయనకు మన గురించి తెలిసేది ఆ కాగితం మీద ఉన్నంతే. 2007 నాటి నిబంధనల ప్రకారం ఐఏఎస్‌ల వంటి అఖిల భారత సర్వీసు అధికారులు నింపే ఫారంలో సాధించినవాటితో పాటు పనికి అడ్డుపడినవేమిటో కూడా రాయమంటారు. అధికారి రాసుకున్నదానితో ఏకీభవిస్తున్నారా అని ఆ పైవారిని అడుగుతారు. అంటే ఆ పేరా ఒకరు సరిచూడబోయే లెక్క. అలా రాస్తే చాలు, గొప్పా తగ్గింపూ రెండూ వాటంతటవే పోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మండల కేంద్రంలోని బ్యాంకు బ్రాంచిలో మహిళా సంఘాల రుణాలు చూసే ఫీల్డ్ ఆఫీసర్ ఒకామె ఉన్నారనుకోండి. బకాయిల వసూలులో ఆమె నిజంగానే మంచి పని చేశారు. ఉత్సాహంగా ఉన్న రోజున ఆమె ఇలా రాస్తారు:

'మహిళా సంఘాల రుణాల వసూలులో ఈ ఏడాది అద్భుతమైన ఫలితాలు సాధించాను. నా నిరంతర కృషి, నాయకత్వ పటిమ వల్ల బకాయిలు గణనీయంగా తగ్గాయి.'

మరుసటి రోజు చదువుకుంటే ఆమెకే సిగ్గేస్తుంది. కొట్టేసి మళ్లీ రాస్తారు:

'మేనేజరు గారి మార్గదర్శకత్వంలో, సిబ్బంది సహకారంతో బకాయిల వసూలుకు నా వంతు ప్రయత్నం చేయడం జరిగింది. కొంతవరకు మెరుగుదల కనిపించింది.'

ఈ రెండూ వినడానికి వేరుగా ఉన్నా, రెండింటిదీ ఒకటే లోపం. 'అద్భుతం' ఎంతో, 'కొంతవరకు' ఎంతో ఏ రిజిస్టరు తీసినా దొరకదు. మొదటిదాంట్లో పని కనిపించదు, మనిషి మాత్రమే కనిపిస్తుంది. రెండోదాంట్లో మనిషే కనిపించదు. 'చేయడం జరిగింది' అంటే చేసిందెవరు? సమీక్షించే అధికారి ఆ వాక్యం చదివి, పనంతా మేనేజరుదేననుకుంటే తప్పు ఆయనది కాదు.

తిరగరాయడానికి కూర్చున్నప్పుడు ఆమె ముందు మాటల జోలికి పోకుండా లెక్కలు తీయాలి. ఏడాది మొదట్లో పరిస్థితి ఏమిటి? బ్రాంచిలోని సంఘాల ఖాతాల్లో 62 బకాయిలో ఉన్నాయి. ఎందుకు? ఖాతాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, సంఘాలు నెలనెలా వాయిదా డబ్బు పోగుచేస్తూనే ఉన్నాయి. కానీ బ్యాంకుకు వచ్చి కట్టాలంటే లీడరుకు ఒక రోజు కూలి పోతుంది, అందుకే ఆలస్యం. మరి ఆమె చేసిందేమిటి? గ్రామ సంఘం మీటింగు రోజునే బ్యాంక్ మిత్ర అక్కడికి వెళ్లి డబ్బు జమచేసుకునేలా ఏర్పాటు చేశారు.

ఫలితం దగ్గరే జాగ్రత్త కావాలి. మార్చి 31న రిజిస్టరులో బకాయి ఖాతాలు 31. 'బకాయిలను సగానికి తగ్గించాను' అని రాసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అంకె తప్పు కాదు కూడా. కానీ ఆ 62 ఖాతాలూ ఒక్కొక్కటీ ఏమయ్యాయో చూస్తే సంగతి వేరు. 32 ఖాతాలు బకాయి తీర్చాయి. 6 ఖాతాలు పక్క ఊళ్లో తెరిచిన కొత్త బ్రాంచికి బదిలీ అయ్యాయి. అవి తగ్గడంలో ఆమె ప్రమేయం లేదు. 24 అలాగే ఉన్నాయి. వాటికి ఈ ఏడాది కొత్తగా బకాయిపడిన 7 కలిస్తేనే 31. కొత్త బ్రాంచి సంగతి తెలిసిన మేనేజరు 'సగం' అన్న మాట దగ్గర ఆగిపోతారు. ఒక్క అంకె మీద అనుమానం వస్తే పేరా మొత్తం మీద వస్తుంది.

ఈ లెక్కతో రాసిన పేరా ఇలా ఉంటుంది:

'ఏప్రిల్ 1 నాటికి మా బ్రాంచిలో 62 మహిళా సంఘాల ఖాతాలు బకాయిలో ఉన్నాయి. వాయిదా సొమ్ము పోగవుతున్నా బ్యాంకుకు చేరడంలో ఆలస్యం జరుగుతోందని ఖాతాలు పరిశీలించి గుర్తించాను. మేనేజరు గారి అనుమతితో, గ్రామ సంఘం సమావేశం రోజునే బ్యాంక్ మిత్ర వెళ్లి సొమ్ము జమచేసుకునే ఏర్పాటును జూన్ నుంచి 9 గ్రామాల్లో చేశాను. ఏ సంఘం ఎంత కట్టాలో ప్రతి నెలా జాబితా నేను తయారుచేశాను. సభ్యులకు కబురు అందించినవారు గ్రామ సంఘాల వీఓఏలు. మార్చి 31 నాటికి ఆ 62లో 32 ఖాతాలు బకాయి తీర్చాయి, 6 కొత్త బ్రాంచికి బదిలీ అయ్యాయి, 24 మిగిలాయి. కొత్తగా బకాయిపడిన 7తో కలిపి ప్రస్తుత సంఖ్య 31. మిగిలిన 24లో 15 సంఘాల సభ్యులు పనులకు వలస వెళ్లారు. వారి విషయంలో ఈ పద్ధతి పనిచేయలేదు.'

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లకు ఈమె సమస్య మూలం పట్టుకోగలదని, పని జరిపించగలదని అర్థమవుతుంది. 'నేను' అన్న మాట ఉంది, కానీ అది ఎక్కడెక్కడ ఉందో చూడండి: గుర్తించడం, ఏర్పాటు, జాబితా. ఆమె చేతుల మీదుగా జరిగినవి అవే. అనుమతి మేనేజరుది, కబురు వీఓఏలది. ఎవరి వాటా వారికి రాసినందువల్ల ఆమె వాటా చిన్నబోలేదు, ఇంకా స్పష్టమైంది. 'సిబ్బంది సహకారంతో' అని గుంపుగా చెప్పి ఉంటే వీఓఏలకూ న్యాయం జరిగేది కాదు, ఆమెకూ జరిగేది కాదు.

పని చేయలేదని ఒప్పుకున్న చివరి వాక్యం నష్టం చేస్తుందేమోనని కొందరికి అనిపించవచ్చు. ఆ 31 ఖాతాలు ఎలాగూ రిజిస్టరులో కనిపిస్తాయి. కారణం ఆమె రాయకపోతే చదివేవారే ఏదో ఒకటి ఊహించుకుంటారు. అయితే కారణం ఒక్క వాక్యంలో ముగియాలి. వలస గురించి పేరా పొడుగునా రాస్తే అది సంజాయిషీ అవుతుంది.

అంకెల్లోకి రాని పనులూ ఉంటాయి. కొత్తగా చేరిన గుమాస్తాకు ఆమె పని నేర్పారనుకోండి. 'జూనియర్లకు చక్కని మార్గదర్శనం చేశాను' అనే బదులు, 'సంఘాల రుణ దరఖాస్తుల పరిశీలన నేర్పాను, అక్టోబరు నుంచి ఆయన వాటిని సొంతంగా చూస్తున్నారు' అని రాయవచ్చు. నేర్పినందుకు ఇప్పుడు ఏమి మారిందో చెబితే అంకె లేకున్నా సరిచూడవచ్చు.

ఈ లెక్కలన్నీ మార్చిలో కూర్చుని వెతికితే దొరకవు. జ్ఞాపకం చివరి రెండు మూడు నెలల దగ్గరే తచ్చాడుతుంది, జూన్‌లో మొదలుపెట్టిన ఏర్పాటు మరుగున పడుతుంది. నెలాఖరున నోటుబుక్కులో రెండు వాక్యాలు, ఆ రోజు రిజిస్టరులో ఉన్న అంకె రాసుకుంటే చాలు. ఇక పేరా పూర్తయ్యాక దాన్ని ఆ పనిలో తోడున్న ఒకరికి చదివి వినిపించాలి. మన ఉదాహరణలో అయితే ఒక వీఓఏకి. 'అదేమిటమ్మా, అది మేం చేసింది కదా' అని ఆమె అంటే అక్కడ గొప్ప దూరినట్టు. 'ఆ జాబితా మీరే రాశారుగా, చెప్పరేం?' అంటే అక్కడ తగ్గించుకున్నట్టు. ఆమె ఏ మాటా అనకుండా తలూపితే ఫారం మీద సంతకం పెట్టేయవచ్చు.