అధివాస ధ్రువపత్రానికి దరఖాస్తు

సోలాపూరులో మొదటి బట్టల మిల్లు 1877లో వెలసింది. తెలంగాణ ప్రాంతం నుండి ఎందరో నేతపనివారు ఆ పట్టణానికి వచ్చి స్థిరపడ్డారు. వారి మునిమనుమలు నేడు అక్కడి బడులలో చదువుకొంటున్నారు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ వారికి అలవాటు. పై చదువులలో ప్రవేశం కోరినప్పుడు వారిని అధివాస ధ్రువపత్రం తెమ్మని అడుగుతారు. “మనది తెలుగువారి ఇల్లు కదా, మనకు ఇస్తారా?” అనే సందేహం కొందరికి కలుగుతుంది.

ఈ సందేహానికి తావు లేదు. ఆ పత్రం మాతృభాషను అడగదు, నివాసాన్ని అడుగుతుంది. 1984లో ప్రదీప్ జైన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరించింది. మన దేశంలో పౌరులందరికీ అధివాసం ఒక్కటే, అది భారతదేశం. రాష్ట్రాల ప్రవేశ నియమాలలో ఆ మాటను శాశ్వత నివాసం అనే అర్థంలో వాడుతున్నారు.

మహారాష్ట్రలో దీనిని వయస్సు, జాతీయత, అధివాస ధ్రువపత్రం అంటారు. రెవిన్యూ శాఖలో తహసీల్దారు కార్యాలయం ద్వారా దీనిని పొందాలి. దరఖాస్తును సేతు కేంద్రంలో గాని, ఆపలే సర్కార్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో గాని ఇవ్వవచ్చు. వయస్సుకు, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమో బడి విడిచిన దాఖలాయో ఆధారం. నివాసానికి మాత్రం సాధారణంగా పది సంవత్సరాల ఆధారాలు చూపవలసి ఉంటుంది. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

ఒక విద్యార్థిని సంగతి చూద్దాం. ఆమె 2012 జూన్‌లో సోలాపూరులోని ఒక బడిలో ఒకటవ తరగతిలో చేరింది. ఏడవ తరగతి అయిన తరువాత 2019 జూన్‌లో వేరొక ఉన్నత పాఠశాలకు మారింది. 2022లో పదవ తరగతి, 2024లో పన్నెండవ తరగతి ముగించింది. దరఖాస్తుతో ఆమె ఉన్నత పాఠశాల, జూనియర్ కళాశాల ఇచ్చిన దాఖలాలను, ఆ నెల కరెంటు బిల్లును జతపరచింది. కార్యాలయంవారు దరఖాస్తును తిప్పి పంపారు.

కారణం లెక్కలో ఉంది. ఆ రెండు దాఖలాలూ 2019 నుండి 2024 వరకు, అంటే ఐదేళ్లకే సాక్ష్యం. కరెంటు బిల్లు ఆమె నేడు ఎక్కడ ఉన్నదో చెబుతుంది గాని నిన్న మొన్నటి సంగతి చెప్పదు. పైగా అద్దె ఇల్లు కావడంతో బిల్లు ఇంటి యజమాని పేరున ఉంది. ఆమె మొదటి బడికి వెళ్లి, ప్రవేశ తేదీ, విడిచిన తేదీ గల ధ్రువపత్రం తెచ్చుకొంది. ఏడేళ్లు, ఐదేళ్లు కలిసి పన్నెండేళ్లు అయ్యాయి. బిల్లుకు అద్దె ఒప్పందాన్ని, తండ్రి పేరున ఉన్న పాత రేషన్ కార్డును, తలాఠీ ఇచ్చిన నివాస దాఖలాను చేర్చింది.

మరొక చిక్కు పేరుది. మొదటి బడి పత్రంలో ‘పద్మ’ అని, తరువాతి పత్రాలలో ‘పద్మావతి’ అని ఉంది. రెండూ ఒకరి పేర్లేనని తెలుపుతూ ఆమె ప్రమాణపత్రం జతచేసింది. తెలుగువారి ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. మహారాష్ట్రలో అది చివర వస్తుంది. అందువల్ల పేర్ల వరుసను కూడా పత్రాలన్నిటిలో సరిచూసుకోవాలి. బడిలో ఉన్నప్పుడే పొరపాటును గమనించి ప్రధానోపాధ్యాయునికి తెలిపితే దిద్దుబాటు సులభమవుతుంది.

దరఖాస్తు కార్యాలయ భాష అయిన మరాఠీలోనే ఉంటుంది. అయినా చెప్పదలచిన విషయాన్ని ముందు తెలుగులో సరిచూసుకోవడం మేలు. ఆ విద్యార్థిని రెండవసారి ఇలా వ్రాసుకొంది:

“తహసీల్దారు గారికి,
అయ్యా, నేను సోలాపూరులో పుట్టి, 2012 జూన్ నుండి ఇక్కడే చదువుకొన్నాను. 2012 నుండి 2019 వరకు మొదటి బడి పత్రం, 2019 నుండి 2024 వరకు తరువాతి రెండు దాఖలాలు ఇందుకు ఆధారం. మా నివాసానికి రేషన్ కార్డు, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, తలాఠీ గారి దాఖలా జతచేశాను. పద్మ, పద్మావతి అనే పేర్లు రెండూ నావే, ప్రమాణపత్రం జతచేశాను. ఇంజనీరింగు ప్రవేశం నిమిత్తం అధివాస ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.”

ఇందులో ప్రతి మాటకు వెనుక ఒక కాగితం ఉంది. కాగితం లేని మాట ఒక్కటీ లేదు.

దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోవాలి. 2015లో మహారాష్ట్రలో వచ్చిన ప్రజాసేవల హక్కు చట్టం కింద ఈ పత్రానికి 15 రోజుల గడువు నిర్ణయించారు. నిరాకరిస్తే కారణాన్ని వ్రాతపూర్వకంగా తెలపాలి. అటువంటప్పుడు 30 రోజులలోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కాని ప్రవేశాల గడువు అప్పీలు కోసం ఆగదు. అందుచేత పన్నెండవ తరగతి ఫలితాలు వచ్చేదాకా ఉండక, ముందే తమ పత్రాలను సంవత్సరాలవారీగా వరుసగా పేర్చి చూసుకోవాలి. ఏ సంవత్సరానికి కాగితం లేదో అప్పుడే తెలిసిపోతుంది.