ఇంట్రాడే, ఫ్యూచర్స్ లావాదేవీలు: వ్యాపారాదాయంగా నికర లాభ గణన

వ్యాససంగ్రహం:

షేర్లను కొన్నరోజే అమ్మే ఇంట్రాడే వ్యాపారం, ఫ్యూచర్స్ వ్యాపారం రెండూ ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యాపారాలే. అయితే మొదటిది స్పెక్యులేషన్ వ్యాపారం, రెండవది సాధారణ వ్యాపారం. ఈ తేడా వల్ల ఒకదాని నష్టాన్ని రెండవదాని లాభంలోనుంచి తీసివేయడం ఒక దిశలో సాధ్యమవుతుంది, మరొక దిశలో సాధ్యం కాదు. ఖర్చులను, నష్టాలను లెక్కించి పన్ను వర్తించే నికర లాభాన్ని నిర్ణయించే క్రమాన్ని ఒక కల్పిత ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఇంట్రాడే, ఫ్యూచర్స్, స్పెక్యులేషన్, టర్నోవర్, నష్టాల సర్దుబాటు.

1. ఉపోద్ఘాతం:

ఒక కళాశాల అధ్యాపకుడు 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఒకే డీమ్యాట్ ఖాతా ద్వారా ఇంట్రాడే, ఫ్యూచర్స్ లావాదేవీలు చేశాడనుకుందాం. ఖర్చులన్నీ పోగా ఫ్యూచర్స్‌లో రూ. 1,00,000 లాభం వచ్చింది. ఇంట్రాడేలో రూ. 80,000 నష్టం వచ్చింది. చేతికి మిగిలింది రూ. 20,000. పన్ను కూడా ఈ ఇరవై వేల మీదనే ఉంటుందని అతడు భావించడం సహజం. కాని చట్టం ప్రకారం పన్ను వర్తించే లాభం పూర్తిగా లక్ష రూపాయలు. ఈ వ్యత్యాసానికి కారణం ఏమిటో, ఆ లక్ష, ఆ ఎనభై వేలు ఎలా తేలాయో పరిశీలిద్దాం. ఇక్కడి గణన 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం చేసినది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చే 2025 చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారతాయి.

2. రెండు వ్యాపారాల మధ్య గీత:

సెక్షన్ 43(5) స్పెక్యులేషన్ లావాదేవీని నిర్వచిస్తుంది. షేర్లతో సహా ఏ సరుకునైనా కొనడానికి లేదా అమ్మడానికి కుదిరిన ఒప్పందం, ఆ సరుకు నిజంగా చేతులు మారకుండానే పరిష్కారమైతే అది స్పెక్యులేషన్. ఉదయం కొన్న షేర్లను మధ్యాహ్నం అమ్మినప్పుడు అవి కొనుగోలుదారు డీమ్యాట్ ఖాతాలోకి రావు. ధరల మధ్య తేడా మాత్రమే ఖాతాలో జమ అవుతుంది లేదా ఖర్చవుతుంది. కనుక ఇంట్రాడే ఈ నిర్వచనంలోకి నేరుగా వస్తుంది.

గడువుకు ముందే ముగించిన ఫ్యూచర్స్ ఒప్పందంలోనూ షేర్లు చేతులు మారవు. అయినా 2005 ఆర్థిక చట్టం సెక్షన్ 43(5)కు (డి) అనే మినహాయింపును చేర్చింది. అది 2006-07 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. గుర్తింపు పొందిన స్టాక్ ఎక్స్ఛేంజిలో, నమోదైన బ్రోకరు ద్వారా జరిగిన డెరివేటివ్ లావాదేవీ స్పెక్యులేషన్ కాదని ఆ మినహాయింపు చెబుతుంది. లావాదేవీ సమయం ముద్రించిన కాంట్రాక్ట్ నోటు, అందులో ఖాతాదారు గుర్తింపు సంఖ్య, పాన్ సంఖ్య ఉండాలన్నది షరతు. ఎక్స్ఛేంజికి బయట నోటిమాటపై నడిచే ‘డబ్బా’ వ్యాపారానికి ఈ రక్షణ లేదు. ఈ విధంగా చూస్తే, రెండు వ్యాపారాలను వేరుచేసే గీత నష్టభయం తీవ్రతను బట్టి గీసినది కాదు. అది చట్టం ఇచ్చిన మినహాయింపు మీద మాత్రమే ఆధారపడి ఉంది.

3. టర్నోవర్ అంటే ఏమిటి?

గణనలో మొదటి పొరపాటు టర్నోవర్ దగ్గర జరుగుతుంది. రూ. 1,000 ధర పలికే 500 షేర్ల ఫ్యూచర్స్ ఒప్పందాన్ని కొని, రూ. 1,010 వద్ద అమ్మితే అమ్మకం విలువ రూ. 5,05,000. కాని ఇక్కడ టర్నోవర్ అయిదు లక్షలు కాదు, తేడాగా వచ్చిన రూ. 5,000 మాత్రమే. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ టాక్స్ ఆడిట్‌పై వెలువరించిన మార్గదర్శక పత్రం అనుసరించే పద్ధతి ఇదే. లాభాల మొత్తాన్ని, నష్టాల మొత్తాన్ని గుర్తుతో నిమిత్తం లేకుండా కలపాలి. నష్టాన్ని లాభంలోనుంచి తీసివేయకూడదు.

మన ఉదాహరణలో ఇంట్రాడే లాభాలు రూ. 1,20,000, నష్టాలు రూ. 1,80,000. టర్నోవర్ రూ. 3,00,000, నికరంగా రూ. 60,000 నష్టం. ఫ్యూచర్స్ లాభాలు రూ. 5,25,000, నష్టాలు రూ. 3,75,000. టర్నోవర్ రూ. 9,00,000, నికరంగా రూ. 1,50,000 లాభం. నగదు లావాదేవీలు అయిదు శాతం మించని వ్యాపారానికి ఆడిట్ పరిమితి రూ. 10 కోట్లు. కనుక మొత్తం పన్నెండు లక్షల టర్నోవర్ ఉన్న ఈ అధ్యాపకుడికి ఆ పరిమితి దృష్ట్యా ఆడిట్ అవసరం రాదు. ఒప్పందాల పూర్తి విలువను టర్నోవర్‌గా చూపినవారు మాత్రం కోట్ల వ్యాపారం చేసినట్లు తమంత తామే ప్రకటించుకుంటారు.

4. ఖర్చుల మినహాయింపు:

లావాదేవీకి నేరుగా సంబంధించిన ఖర్చులను ఏ వ్యాపారానివి ఆ వ్యాపారంలోనే తీసివేయాలి. బ్రోకరేజి, ఎక్స్ఛేంజి రుసుము, స్టాంపు సుంకం, జీఎస్టీ, సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్ ఈ కోవలోనివి. మూలధన లాభాల గణనలో తీసివేయడానికి వీలులేని సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్‌ను వ్యాపారాదాయంలో తీసివేయడానికి సెక్షన్ 36(1)(xv) అనుమతిస్తుంది. మన అధ్యాపకుడికి ఈ ఖర్చులు ఇంట్రాడేలో రూ. 14,000, ఫ్యూచర్స్‌లో రూ. 32,000 అయ్యాయి.

రెండు వ్యాపారాలకూ ఉమ్మడిగా అయిన ఖర్చుల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. అతడు ఏప్రిల్‌లో రూ. 50,000 పెట్టి కంప్యూటరు కొన్నాడు. దానిపై తరుగుదల 40 శాతం, అంటే రూ. 20,000. కాని ఆ కంప్యూటరును సగం సమయం పాఠాల తయారీకి, ఇంటి పనులకు వాడతాడు. సెక్షన్ 38(2) ప్రకారం వ్యాపారానికి వాడిన మేరకే, అంటే రూ. 10,000 మాత్రమే తీసివేయాలి. ఏడాది ఇంటర్నెట్ ఖర్చు రూ. 12,000లో కూడా ఇదే కారణంతో సగం, అంటే రూ. 6,000 వస్తుంది. మార్కెట్ సమాచార సేవకు కట్టిన చందా రూ. 8,000 పూర్తిగా వ్యాపార ఖర్చే. మొత్తం ఉమ్మడి ఖర్చు రూ. 24,000.

దీనిని రెండు వ్యాపారాలకు పంచడంలో సహేతుకమైన ప్రాతిపదిక ఉండాలి, దానినే ఏటా పాటించాలి. ఇక్కడ టర్నోవర్ల నిష్పత్తి 1:3. కాబట్టి ఇంట్రాడేకు రూ. 6,000, ఫ్యూచర్స్‌కు రూ. 18,000 వస్తుంది. మొత్తం ఖర్చును లాభమున్న ఫ్యూచర్స్‌లోనే చూపాలన్న కోరిక సహజమే. అలా చూపితే లక్ష లాభం రూ. 94,000కు తగ్గుతుంది. ప్రాతిపదిక అడిగినప్పుడు మాత్రం సమాధానం ఉండదు.

ఇప్పుడు రెండు ఫలితాలూ ఇలా తేలుతాయి:

ఇంట్రాడే: 60,000 నష్టం + 14,000 + 6,000 = రూ. 80,000 నష్టం.
ఫ్యూచర్స్: 1,50,000 లాభం – 32,000 – 18,000 = రూ. 1,00,000 లాభం.

5. నష్టాల సర్దుబాటు ఒకే దిశలో:

సెక్షన్ 73 ప్రకారం స్పెక్యులేషన్ నష్టాన్ని మరొక స్పెక్యులేషన్ లాభంలోనుంచి మాత్రమే తీసివేయాలి. కనుక ఇంట్రాడేలో వచ్చిన ఎనభై వేల నష్టం ఫ్యూచర్స్ లాభాన్ని తాకదు. ఈ అధ్యాపకుడికి స్టాండర్డ్ డిడక్షన్ పోగా జీతం రూ. 9,00,000, బ్యాంకు డిపాజిట్లపై వడ్డీ రూ. 1,10,000 ఉన్నాయనుకుందాం. కొత్త పన్ను విధానంలో 2024-25కు పది నుంచి పన్నెండు లక్షల మధ్య ఆదాయంపై రేటు 15 శాతం. ఫ్యూచర్స్ లాభం మొత్తం ఈ శ్రేణిలోనే పడుతుంది. దానిపై పన్ను రూ. 15,000, నాలుగు శాతం సెస్సుతో రూ. 15,600. ఇరవై వేలు మిగిలిన చోట పదిహేను వేల ఆరు వందలు పన్నుకే పోతుంది.

ఇప్పుడు ఇవే అంకెలను తారుమారు చేసి చూద్దాం. ఇంట్రాడేలో రూ. 80,000 లాభం, ఫ్యూచర్స్‌లో రూ. 1,00,000 నష్టం వచ్చాయనుకుందాం. ఫ్యూచర్స్ నష్టం సాధారణ వ్యాపార నష్టం కాబట్టి దానిని ఇంట్రాడే లాభంలోనుంచి తీసివేయవచ్చు. మిగిలిన రూ. 20,000 నష్టాన్ని జీతంలోనుంచి తీసివేయడానికి సెక్షన్ 71(2A) ఒప్పుకోదు. డిపాజిట్ల వడ్డీలోనుంచి తీసివేయవచ్చు. అప్పుడు వడ్డీ ఆదాయం రూ. 90,000 అవుతుంది. మొదటి సందర్భంలో లాభమే మిగిలినా పన్ను దానిని దాదాపు హరించింది. రెండవ సందర్భంలో నికరంగా నష్టం వచ్చినా పన్ను భారం కొంత తగ్గింది.

6. ముందుకు తీసుకుపోయే నష్టం:

మొదటి సందర్భంలోని ఎనభై వేల నష్టం వృథా కాదు. దానిని తరువాతి నాలుగు అసెస్‌మెంట్ సంవత్సరాలకు, అంటే 2026-27 నుంచి 2029-30 వరకు తీసుకుపోవచ్చు. సాధారణ వ్యాపార నష్టానికి ఈ గడువు ఎనిమిది సంవత్సరాలు. అయితే సెక్షన్ 80 ప్రకారం రిటర్నును గడువు తేదీలోగా దాఖలు చేసినవారికే ఈ హక్కు దక్కుతుంది. ఆలస్యమైతే అదే సంవత్సరపు సర్దుబాటు మిగులుతుంది కాని, ముందుకు తీసుకుపోయే హక్కు పోతుంది. జీతగాళ్లకు అలవాటైన ఐటీఆర్-1లో వ్యాపారాదాయానికి చోటు లేదు. ఐటీఆర్-3 దాఖలు చేయాలి. అందులో స్పెక్యులేషన్ వ్యాపారాన్ని వేరుగా చూపాలి. దాఖలు చేసే ముందు సీఎఫ్ఎల్ షెడ్యూలులో ఎనభై వేలు స్పెక్యులేషన్ నష్టం గడిలో కనిపిస్తున్నాయో లేదో చూడాలి. సాధారణ వ్యాపార నష్టం గడిలో కనిపించినా, అసలు కనిపించకపోయినా లెక్క తప్పినట్లే.

ఈ హక్కుకు ఉన్న అసలు పరిమితి వేరొకటి. ఆ నష్టం ఉపయోగపడాలంటే అతడు మళ్లీ ఇంట్రాడే చేసి లాభం గడించాలి. 2022-23లో ఈక్విటీ ఇంట్రాడే చేసిన వ్యక్తులలో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ 2024 జులైలో వెలువరించిన అధ్యయనం తెలిపింది. ఈ నేపథ్యంలో నాలుగేళ్లలో ఎనభై వేల లాభం వస్తుందన్న ఆశ చాలామందికి తీరదు. పాత నష్టాన్ని వాడుకోవడం కోసమే ఇంట్రాడే కొనసాగిస్తే కొత్త నష్టం తోడయ్యే అవకాశమే ఎక్కువ.

7. ముగింపు:

నికర లాభ గణనలో వరుస ముఖ్యం. మొదట లావాదేవీలను రెండుగా విడదీయాలి. తరువాత ఏ ఖర్చు దేనిదో నిర్ణయించి, ఉమ్మడి ఖర్చులను పంచాలి. చివరగా మాత్రమే నష్టాల సర్దుబాటుకు పోవాలి. బ్రోకరు ఇచ్చే వార్షిక నివేదికలో చివరి పంక్తిగా కనిపించే ఒకే అంకె ఈ వరుసనంతటినీ దాటవేస్తుంది. మన ఉదాహరణలో ఆ అంకె ఇరవై వేలు. చట్టం చూసేది లక్ష రూపాయల లాభాన్ని, ఎనభై వేల నష్టాన్ని విడివిడిగా. ఈ తేడాను మార్చి నెలాఖరుకు ముందే గ్రహించినవాడు పన్నుకు కావలసిన సొమ్మును పక్కన పెట్టుకోగలుగుతాడు.