స్పీడ్ వందుంది, మాట మాత్రం తెగుతోంది

స్పీడ్ టెస్ట్ చేస్తే 94 ఎంబీపీఎస్ చూపిస్తుంది. యూట్యూబ్‌లో సినిమా ఎక్కడా ఆగదు. వీడియో కాల్‌లోకి వెళ్లగానే మాత్రం ‘నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది’ అంటారు అవతలివాళ్లు. ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే వాళ్లూ అదే టెస్ట్ చేయించి, ‘స్పీడ్ బాగానే వస్తోంది కదండీ’ అని చేతులు దులుపుకుంటారు. ఇక్కడ టెస్ట్‌దీ తప్పు కాదు, వినియోగదారుడిదీ భ్రమ కాదు. ఒక సెకనులో ఎంత డేటా చేరిందో టెస్ట్ కొలుస్తుంది. కాల్‌కు అంత డేటా అక్కర్లేదు. ఉన్న కొద్దిపాటి డేటా ఒక్కటీ పోకుండా, వేళకు రావాలి. ఆ సంగతిని టెస్ట్‌లోని పెద్ద అంకె చెప్పదు.

నెట్ మీద ఏది పంపినా ముక్కలుగానే వెళ్తుంది. ఒక్కో ముక్కను ప్యాకెట్ అంటారు. సాధారణంగా దాని గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. దారిలో రౌటర్ దగ్గర క్యూ నిండిపోతే కొత్తగా వచ్చిన ప్యాకెట్‌ను రౌటర్ పారేస్తుంది. వైఫైలో ఇద్దరు ఒకేసారి ప్రసారం చేస్తే రెండూ పాడవుతాయి. ఫైబర్‌లో వెలుతురు బలహీనపడితే అక్కడా కొన్ని చెడిపోతాయి. ఇలా గమ్యం చేరకుండా పోవడమే ప్యాకెట్ లాస్. పోయినప్పుడు ఏం చేయాలన్నది ఆ రెండు చివర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇష్టం. డౌన్‌లోడ్ ఒక దారి ఎంచుకుంది, కాల్ ఇంకో దారి ఎంచుకుంది.

టెస్ట్‌లో ఎందుకు కనబడదు

ఫైళ్లూ వెబ్ పేజీలూ ఎక్కువగా టీసీపీ అనే పద్ధతిలో వస్తాయి. ఇందులో ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య ఉంటుంది. మధ్యలో ఒకటి రాలేదని తెలియగానే పంపినవాడు దాన్ని మళ్లీ పంపుతాడు, వేగం కాస్త తగ్గించుకుంటాడు, తర్వాత మెల్లగా పెంచుకుంటాడు. చూసేవాళ్లకు ఇదేమీ తెలియదు. యూట్యూబ్ అయితే కొన్ని సెకన్ల వీడియోను ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి పోయినవాటిని మళ్లీ తెప్పించుకోవడానికి బోలెడు వ్యవధి ఉంటుంది.

ఈ వేగం తగ్గడం కూడా టెస్ట్‌లో సరిగా బయటపడదు. దానికి కారణం దూరం. ప్యాకెట్ లాస్ వల్ల టీసీపీ వేగం ఎంత పడిపోతుందో అంచనా వేసే సూత్రాన్ని 1997లో మాథ్యూ మథిస్, ఆయన సహచరులు ప్రచురించారు. నూటికి ఒక ప్యాకెట్ పోతోందనుకుని ఆ లెక్క వేసి చూద్దాం. సర్వర్ మన ఊళ్లోనే ఉండి, వెళ్లి రావడానికి 5 మిల్లీసెకన్లు పడితే ఒక్కో కనెక్షన్‌కు సుమారు 28 ఎంబీపీఎస్ వస్తుంది. స్పీడ్ టెస్టులు సాధారణంగా దగ్గరి సర్వర్‌నే ఎంచుకుంటాయి, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తాయి. నాలుగు తెరిస్తే చాలు, వంద ఎంబీపీఎస్ ప్లాన్ నిండిపోతుంది. అదే లాస్‌తో, వెళ్లి రావడానికి 250 మిల్లీసెకన్లు పట్టే అమెరికా సర్వర్‌కు ఒకే కనెక్షన్ తెరిస్తే సుమారు అర ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. ఇప్పటి టీసీపీ రకాలు దీనికన్నా కొంత మెరుగ్గా నెట్టుకొస్తాయి. కానీ దగ్గరి సర్వర్ లాస్‌ను కప్పిపుచ్చుతుందన్న విషయం మారదు.

కాల్‌లో ఎందుకు వినబడుతుంది

మాట్లాడుతుంటే యాప్ మన గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల చొప్పున తుంచి పంపుతుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. పాత టెలిఫోన్ నాణ్యతతో పంపినా, పై హంగులన్నీ కలిపి ఒక్కోటి 200 బైట్లు మించదు. మొత్తం 80 కేబీపీఎస్. వంద ఎంబీపీఎస్ లైన్‌లో వెయ్యో వంతు కూడా కాదు. కాబట్టి ప్లాన్‌ను రెండు వందలకు పెంచుకున్నంత మాత్రాన మాట బాగుపడుతుందని ఆశించలేం.

కాల్‌లో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకునేంత వ్యవధి సాధారణంగా ఉండదు. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సమితి ఐటీయూ ప్రమాణం చెబుతుంది. ప్యాకెట్లు కాస్త ముందూ వెనకా వస్తాయి కాబట్టి యాప్ కొన్ని పదుల మిల్లీసెకన్ల మాటను దాచుకుని, వరుసలో పెట్టి వినిపిస్తుంది. ఆ గడువు దాటాక వచ్చిన ప్యాకెట్, బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన ప్రయాణికుడితో సమానం. వచ్చినా రానట్టే లెక్క. అందుకే కాల్ విషయంలో ఆలస్యమూ ఒక రకమైన లాసే.

యాప్‌లు ఊరికే చూస్తూ కూర్చోవు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ లాంటి కోడెక్ ఒక ప్యాకెట్ పోతే అంతకుముందు వచ్చిన ధ్వనిని బట్టి ఆ ఖాళీని పూడుస్తుంది. కావాలంటే తర్వాతి ప్యాకెట్‌లో ముందుదాని నాసిరకం నకలు కూడా పెట్టి పంపగలదు. ఒక్కొక్కటిగా పోయినంతకాలం ఈ ఉపాయాలు బాగా పనిచేస్తాయి.

అందువల్ల ఎన్ని పోయాయన్నదానికన్నా ఎలా పోయాయన్నది ముఖ్యం. అయిదు నిమిషాల కాల్‌లో ఒక్కో వైపు 15,000 ప్యాకెట్లు వెళ్తాయి. ఒక శాతం అంటే 150. అవి రెండు సెకన్లకొకటి చొప్పున పోతే చెవికి దాదాపు తెలియదు. అవే పాతికేసి ఒక్క గుంపుగా పోతే అర సెకను నిశ్శబ్దం ఆరుసార్లు వస్తుంది. బ్యాంకు ఖాతా నంబరు చెబుతుంటే రెండంకెలు గల్లంతవడానికి అర సెకను చాలు. రెండు కాల్‌లలోనూ నమోదైన లాస్ మాత్రం ఒక్కటే, 1 శాతం.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం

కూకట్‌పల్లి లాంటి చోట ఒక అపార్ట్‌మెంటు ఇల్లు ఊహించుకుందాం. హాల్లో టీవీ వెనక రౌటర్, పడకగదిలో ఆఫీసు ల్యాప్‌టాప్, 100 ఎంబీపీఎస్ ఫైబర్. సాయంత్రం మీటింగుల్లో మాట తెగుతోంది. మొదట తేల్చుకోవాల్సింది ఏ వైపు తెగుతోందన్నది. గ్రూప్ కాల్‌లో ఒక్కరి మాటే అందరికీ తెగితే లోపం చాలావరకు ఆ ఒక్కరి వైపే ఉంటుంది. అందరి మాటా మనకొక్కరికే తెగితే మన వైపు. ఈ ఇంట్లో లోపం మన వైపే అని తేలిందనుకుందాం.

ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఉన్న దారిని విడిగా పరీక్షించాలి. విండోస్‌లో `ipconfig` అని కొడితే `Default Gateway` పక్కన రౌటర్ అడ్రస్ కనబడుతుంది. తరచుగా అది 192.168.1.1. మాట తెగే వేళలోనే, కాల్ నడుస్తుండగానే ఈ కమాండ్ ఇవ్వాలి:

```
ping -n 300 192.168.1.1
```

ఇది దాదాపు సెకనుకొకటి చొప్పున అయిదు నిమిషాల పాటు పలకరిస్తుంది. ఫలితం ఇలా వచ్చిందనుకుందాం:

```
Packets: Sent = 300, Received = 291, Lost = 9 (3% loss)
Minimum = 2ms, Maximum = 412ms, Average = 19ms
```

తొమ్మిది పోయాయి, అది చెడ్డ గుర్తే. దానికన్నా ఎక్కువ చెప్పేది `Maximum = 412ms`. పక్క గదిలోని రౌటర్ పలకడానికి నాలుగు వందల మిల్లీసెకన్లు పట్టిందంటే ఆ ప్యాకెట్ కాల్‌లోదైతే పోయినట్టే. కానీ విండోస్ పింగ్ జవాబు కోసం నాలుగు సెకన్ల దాకా వేచి ఉంటుంది కాబట్టి దాన్ని ‘అందింది’ అనే లెక్కవేస్తుంది. అందుకే చివరి శాతం చూసి ఊరుకోకుండా, ఒక్కో వరుసలో `time=` పక్కనున్న అంకెలు ఎలా ఎగిరిపడుతున్నాయో చూడాలి.

తర్వాత అదే ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి, వైఫై ఆపేసి, అదే పరీక్ష మళ్లీ చేస్తే `Lost = 0`, గరిష్ఠం 2 మిల్లీసెకన్లు వచ్చింది. దొంగ వైఫైలో దొరికాడు. వైఫైలో ప్యాకెట్ పాడైతే అదే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అందువల్ల అక్కడి లోపం చాలాసార్లు లాస్‌గా కాక ఆలస్యంగా బయటపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు చానెళ్లే. అపార్ట్‌మెంటులో అన్ని ఫ్లాట్ల రౌటర్లూ వాటి మీదే పడతాయి. సాయంత్రం అందరూ ఇంట్లో ఉంటారు. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, రౌటర్‌ను టీవీ వెనక నుంచి బయటికి తెస్తే ఈ ఇంట్లో సగం బాధ తీరుతుంది. 5 గిగాహెర్ట్జ్ గోడలను అంత బాగా దాటలేదు కాబట్టి రెండు గోడల అవతల గదికి కేబుల్ లాగడమే మేలు.

మిగతా సగం బయటి దారిలో ఉంది. కేబుల్ మీదే ఉండి, గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ అయిన 8.8.8.8 ను ఇలాగే పింగ్ చేస్తే మామూలుగా 12 మిల్లీసెకన్లు వస్తున్నాయి. ఉన్నట్టుండి 400 దాటి, కొన్ని నిమిషాలకు మళ్లీ దిగుతున్నాయి. ఆ వేళకు ఇంట్లో ఎవరో ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టారు. పొద్దుటి నుంచి తీసిన వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయి. అప్‌లోడ్ దారి నిండిపోయి, రౌటర్‌లో క్యూ పెరిగింది. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 5 మెగాబైట్లు పేరుకుంటే వరుసలో చివరి ప్యాకెట్ 400 మిల్లీసెకన్లు ఆగాల్సిందే. వీడియోకు ఆ ఆలస్యం లెక్క కాదు. దాని వెనకే నిలబడ్డ మాట ప్యాకెట్‌కు గడువు దాటిపోతుంది. ఇలా అతిగా క్యూ పేరుకునే జబ్బుకు 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

దీనికి విరుగుడు బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చడం. లేదా రౌటర్ సెట్టింగ్స్‌లో ఎస్‌క్యూఎం ఉంటే దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని లైన్ అసలు వేగం కన్నా కాస్త తక్కువగా పెట్టడం. అప్పుడు టెస్ట్‌లో వేగం కొద్దిగా తగ్గి కనబడుతుంది, కాల్ మాత్రం నిలకడగా ఉంటుంది. కొన్ని స్పీడ్ టెస్టులు డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరుగుతున్నప్పటి పింగ్‌ను విడిగా చూపిస్తాయి. ఖాళీగా 12 ఉన్నది అప్‌లోడ్‌లో 400 అయితే జబ్బు ఇదే.

కంపెనీకి ఏం చెప్పాలి

కేబుల్ మీద రౌటర్ దాకా శుభ్రంగా ఉండి, ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా బయటి సర్వర్‌కు ప్యాకెట్లు పోతుంటే అప్పుడు కంపెనీ వంతు. ఫైబర్ తీగ మేకు దగ్గర ఎక్కువగా వంగినా, పచ్చ కనెక్టర్‌లో దుమ్ము పడినా వెలుతురు తగ్గుతుంది. మన ఇళ్లకు వచ్చే జీపాన్ లైన్లలో మామూలు పెట్టెలు సుమారు మైనస్ 27 డీబీఎం దాకా తట్టుకుంటాయి. ఆ అంచున ఉన్న లైన్‌లో ఎర్ర లైటు వెలగకపోయినా ప్యాకెట్లు చెడిపోవచ్చు. వచ్చిన టెక్నీషియన్‌ను మీటర్ పెట్టి పవర్ ఎంతుందో చెప్పమని అడగాలి.

ఒక్క సర్వర్ జవాబివ్వలేదని లైన్‌ను తప్పుపట్టకూడదు. కొన్ని సర్వర్లు పింగ్‌కు జవాబివ్వడం తగ్గించుకుంటాయి. అందుకే రెండు మూడు వేర్వేరు అడ్రసులకు చేసి చూడాలి. మూడింటిలోనూ అదే వేళకు లాస్ కనబడితే, వైఫై కాకుండా కేబుల్ మీద తీసిన ఆ ఫలితాలనూ, తేదీ, సమయంతో సహా ఫిర్యాదుకు జతచేయాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అంటే స్పీడ్ టెస్ట్ చేయించి పంపేస్తారు. ‘కేబుల్ మీద రౌటర్‌కు 0 శాతం, బయటికి 3 శాతం లాస్, రోజూ రాత్రి 8 నుంచి 10 మధ్య’ అని రాస్తే ఆ ఫిర్యాదును స్పీడ్ టెస్ట్‌తో మూసేయడం కుదరదు.