ఫొటోలో చిత్రశైలిని పట్టేదెలా?

క్లాడ్ మోనే 1872లో వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ ఫొటోను ఫోన్‌లో నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. నారింజ రంగు సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! చుట్టూ ఉన్న బూడిద నీలానికీ సూర్యుడికీ తేడా రంగులోనే తప్ప వెలుగులో పెద్దగా లేదు. పడవలకు గీసిన అంచుల్లేవు, నీటి మీద విడివిడిగా కుంచె దెబ్బలే. ఇది ఇంప్రెషనిజం.

జార్జ్ బ్రాక్ 1910 నాటి ‘వయొలిన్ అండ్ కాండిల్‌స్టిక్’ను అలాగే మారిస్తే పోయేది తక్కువే. ఉన్నవే గోధుమ, బూడిద రంగులు. వయొలిన్ ముక్కలై, ఒకేసారి పలు వైపుల నుంచి కనిపిస్తుంది. అదీ క్యూబిజం. అయితే 1912 తర్వాత క్యూబిస్టులు మళ్లీ ముదురు రంగుల వైపు మళ్లారు. కాబట్టి రంగు కంటే ముందు ఆకారం విరిగిందేమో చూడండి.